చెవికి కెవి ఏమైతది?

(అవయవాల పేర్లను బట్టి మన భాషల చుట్టరికం)

తెలుగులో చెవి అంటాం. గోండిలో కెవి అంటారు. కోలామీలో కెవ్ అంటారు. మూడూ దగ్గరి మాటలేనని ఒకటో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు. కానీ ఏ విధంగా దగ్గర? చుట్టరికం ఉంటే ఎవరు ఎవరికి ఏమైతరు?

దీనికి చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. "అసలు మాట చెవి. గోండులకు, కోలాములకు నోరు తిరగక దాన్ని కెవి, కెవ్ అన్నారు. అంటే వాళ్ల భాష చెడిపోయిన తెలుగు" అంటారు. బడిలో గోండి పిల్లవాడు పొరపాటున కెవి అంటే పక్కవాళ్లు నవ్వేది కూడా ఈ నమ్మకంతోనే. ఈ జవాబు తప్పు. ఎందుకు తప్పో కోపంతో చెప్పనక్కర లేదు, లెక్కతోనే చెప్పవచ్చు. లెక్కల సారు బోర్డు మీద ఒక్కొక్క మెట్టు వేసినట్టే మనమూ వేద్దాం.

పోలిక చాలదు

ముందు ఒక జాగ్రత్త. రెండు మాటలు ఒకేలా వినబడితే చుట్టాలని అనుకోవద్దు. మన హాస్టల్లో లంబాడీ మిత్రులు ఉన్నారు కదా. వాళ్ల మాటల్లో కాన్ అంటే ఏమిటో అడగండి. కాన్ అంటే కన్ను కాదు, చెవి! వినడానికి కన్ను, కాన్ అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ లంబాడీ కాన్ సంస్కృతంలోని కర్ణం వైపు నుంచి వచ్చింది. మరాఠీలోనూ చెవిని కాన్ అనే అంటారు. లంబాడీలో చెయ్యి హాత్, పన్ను దాత్. ఇవి సంస్కృతంలోని హస్తం, దంతం అనే మాటల వంశం. లంబాడీ, మరాఠీ, హిందీ ఒక కుటుంబం. దాన్ని ఆర్యభాషా కుటుంబం అంటారు. గోండి, కోలామీ, తెలుగు, కన్నడం, తమిళం మరో కుటుంబం. దీన్ని ద్రావిడ భాషా కుటుంబం అంటారు. కన్ను, కాన్ పోలిక కేవలం కాకతాళీయం.

ఒకేలా ఉన్న మాటల్లో ఇంకో మోసం కూడా ఉంది. అది అప్పు. తెలుగువాళ్లం పాదం అంటాం, శిరస్సు అంటాం. అవి సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. అంతమాత్రాన తెలుగు సంస్కృతానికి బిడ్డ కాదు. అట్లాగే గోండిలోకి, కోలామీలోకి సంతల్లో, కచేరీల్లో, బడిలో తెలుగు మాటలు, మరాఠీ మాటలు ఎన్నో వచ్చాయి. మరి ఏ మాట అప్పు, ఏ మాట తాతల నుంచి వచ్చిన ఆస్తి అని ఎట్లా తెలుసుకోవాలి?

అందుకే భాషా పరిశోధకులు మొదట అవయవాల పేర్లు అడుగుతారు. బస్సు, రేడియో, కలెక్టరు లాంటి మాటలు వస్తువుతో పాటు, మనిషితో పాటు ఊళ్లోకి వస్తాయి. కన్ను, చెవి, చెయ్యి బయటినుంచి వచ్చేవి కావు. తల్లి ఒళ్లో ఉన్నప్పుడే బిడ్డ "కన్ను ఏది, ముక్కు ఏది" అనే ఆటలో వాటిని నేర్చుకుంటుంది. కాబట్టి ఈ పేర్లు తొందరగా మారవు. అసలే మారవని కాదు, మిగతావాటికంటే తక్కువ మారుతాయి.

మొదటి మెట్టు: మారని మాటలు

కొన్ని పేర్లు చూడండి. గోండి, కోలామీ మాటలు గూడెం గూడేనికి కొంచెం మారుతాయి. మీ ఇంట్లో పలికే తీరు కాస్త వేరుగా ఉండవచ్చు.

తెలుగు కన్ను – గోండి కన్ – కోలామీ కన్ – కన్నడం కణ్ణు – తమిళం కణ్
తెలుగు పల్లు (పన్ను) – గోండి పల్ – కోలామీ పల్ – కన్నడం హల్లు – తమిళం పల్
తెలుగు తల – గోండి తలా – కోలామీ తల్ – కన్నడం తలె – తమిళం తలై

మొదటి వరుసలో క అన్నిచోట్లా క గానే ఉంది. మూడో వరుసలో త అన్నిచోట్లా త గానే ఉంది. రెండో వరుసలో మాత్రం కన్నడం ఒక్కటి వేరుగా పోయింది. అందరూ ప అంటుంటే కన్నడం హ అంటున్నది.

ఇది ఒక్క మాటకే జరిగితే ఏదో పొరపాటు అనుకోవచ్చు. కానీ మిగతా కన్నడ మాటలు చూడండి. మన పాలు వాళ్ల హాలు. మన పులి వాళ్ల హులి. మన పాము వాళ్ల హావు. మన పది వాళ్ల హత్తు. తెలుగులో మాట మొదట ప ఉంటే కన్నడంలో హ ఉంటున్నది. దీన్ని ధ్వనుల జోడీ అనుకుందాం. తెలుగు ప కి కన్నడ హ జోడీ. ఒక జోడీ పదే పదే, పదుల మాటల్లో కనబడితే అది కాకతాళీయం కాదు, అది నియమం.

ఈ నియమం ఊహ కాదు. పాత కన్నడ శాసనాల్లో ఈ మాటలు ప తోనే చెక్కి ఉన్నాయి. తర్వాతి కాలం శాసనాల్లో, పుస్తకాల్లో ప తగ్గుతూ హ పెరుగుతూ వచ్చింది. అంటే ఒక భాషలో ఒక ధ్వని మారడం మొదలైతే, ఆ ధ్వని ఉన్న మాటలన్నీ వరుసగా ఆ దారినే పోతాయన్న మాట. మనిషి కావాలని మార్చేది కాదు. తరాలు గడుస్తుంటే నోటి అలవాటు మెల్లగా జరుగుతుంది.

ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇప్పుడు చెవి దగ్గరికి పోదాం.

రెండో మెట్టు: చ ఎక్కడ, క ఎక్కడ?

తెలుగు చెవి – గోండి కెవి – కోలామీ కెవ్ – కన్నడం కివి – తమిళం చెవి

ఇక్కడ తెలుగు, తమిళం చ వైపు ఉన్నాయి. గోండి, కోలామీ, కన్నడం క వైపు ఉన్నాయి. ఇది ఒక్క మాటేనా, నియమమా? ఇంకో మాట తీసుకుందాం. తెలుగులో చేయు అనే క్రియ ఉంది కదా, పని చేయడం. గోండిలో దానికి ధాతువు కీ. కీయానా అంటే చేయడం. పాత కన్నడంలో గెయ్, కెయ్ అనేవారు. తమిళంలో చెయ్. ఇక్కడా అదే జోడీ. తెలుగు చ కి గోండి క.

కానీ వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. తెలుగు కన్ను గోండిలో కూడా క తోనే కన్ కదా? కాలు అనే మాట గోండిలోనూ కాల్ కదా? మరి కొన్నిచోట్ల క కి క, కొన్నిచోట్ల చ కి క ఏమిటి? ఇది నియమమెట్లా అయితది?

క తర్వాత ఏ అచ్చు ఉందో చూడండి. కన్ను, కాలు, కడుపు, కోడి, కుండ: ఇక్కడ క తర్వాత అ, ఆ, ఓ, ఉ ఉన్నాయి. తెలుగులో క చెక్కుచెదరలేదు. చెవి, చేయు: ఇక్కడ ఎ, ఏ ఉన్నాయి. తెలుగులో చ వచ్చింది. అంటే క తర్వాత ఎ గానీ ఇ గానీ ఉన్నచోట మాత్రమే తెలుగులో క పోయి చ వచ్చింది.

ఎందుకట్లా? మీ నోటినే అడగండి. ముందు కా అనండి, తర్వాత కీ అనండి. కా అన్నప్పుడు నాలుక వెనుక భాగం గొంతు దగ్గర తగులుతుంది. కీ అన్నప్పుడు నాలుక తానే ముందుకు జరిగి అంగిలి మధ్యకు వస్తుంది. ఇంకొంచెం ముందుకు జరిగితే చీ అవుతుంది. తెలుగువాళ్ల పూర్వీకుల నోట్లో జరిగింది అదే. అంగిలిని సంస్కృతంలో తాలువు అంటారు కాబట్టి ఈ మార్పుకు పండితులు తాలవ్యీకరణం అని పేరు పెట్టారు. పేరు పెద్దది, సంగతి చిన్నది. ఎ, ఇ పక్కన ఉంటే క మెల్లగా చ అవుతుంది.

మూడో మెట్టు: మొదటిది క అని ఎట్లా తెలుసు?

ఇక్కడ తెలివైన పిల్లలు అడ్డం వస్తారు. "మొదట చ ఉండి, గోండిలో, కోలామీలో అది క అయ్యిందని ఎందుకు అనకూడదు?" అని. మంచి ప్రశ్న. దానికి మూడు సాక్ష్యాలున్నాయి.

మొదటి సాక్ష్యం దూరం. ఝార్ఖండ్ వైపు ఉరావులు మాట్లాడే కురుఖ్ కూడా ద్రావిడ భాషే. వాళ్లు కన్నును ఖన్ అంటారు, చెవిని ఖెబ్దా అంటారు. ఇంకా దూరం, పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో బ్రాహుయీ అనే ద్రావిడ భాష ఉంది. అక్కడ కన్ను ఖన్, చెవి ఖఫ్. ఈ ఖ గొంతు గీరినట్టు పలికేది. అక్కడ చెవిలోనూ, కన్నులోనూ మొదటి ధ్వని ఒక్కటే అని గమనించండి. అంటే మొదట రెండూ క తోనే ఉండేవన్న మాట. ఆదిలాబాదు గోండులు, బలూచిస్తాన్ బ్రాహుయీలు, కర్ణాటక కన్నడిగులు ఒకచోట కూర్చుని "చ ను మనమందరం క చేద్దాం" అని అనుకోలేదు కదా. తెలుగు, తమిళాల్లోనే మార్పు జరిగిందని అనుకుంటే లెక్క సులువుగా సరిపోతుంది.

రెండో సాక్ష్యం ఇందాక చూసిన నాలుక. ఎ, ఇ ల ముందు క ముందుకు జరిగి చ కావడం లోకంలో ఎన్నో భాషల్లో జరిగింది. చ వెనక్కి జరిగి క కావడం చాలా అరుదు.

మూడో సాక్ష్యం గోండిలోనే ఉంది, ఇది అన్నిటికంటే గట్టిది. నిజంగా మొదటినుంచీ చ ఉన్న మాటలు కొన్ని ఉన్నాయి. ఉదాహరణకు చచ్చు, చావు. తమిళంలో చా. కన్నడంలో సాయు. గోండిలో ఏమంటారు? సాయానా. కొన్ని గూడేల్లో హాయానా. అంటే అసలైన చ గోండిలో స గానో హ గానో కనబడుతుంది, క గా కాదు. చెవిలో కూడా మొదటినుంచీ చ ఉండి ఉంటే గోండులు సెవి అనో హెవి అనో అనాలి. అట్లా అనరు, కెవి అంటారు. కాబట్టి చెవిలోని చ అసలు చ కాదు, తర్వాత వచ్చిన చ.

చూశారా, తెలుగులో ఒకే అక్షరంగా రాసే చ లోపల రెండు వేరు వేరు చ లు దాగి ఉన్నాయి. తెలుగు ఒక్కటే చూస్తే వాటిని విడదీయలేం. గోండి పక్కన పెడితే చావులోని చ స వైపు, చెవిలోని చ క వైపు విడిపోతాయి.

ఇప్పుడు మొదట్లో విన్న మాటకు జవాబు చెప్పవచ్చు. కెవి, చెవి చెడితే వచ్చింది కాదు. ఈ ఒక్క ధ్వని విషయంలో మారింది తెలుగు, పాతదాన్ని నిలుపుకున్నవి గోండి, కోలామీ. అప్పు సంగతి కూడా తేలిపోయింది. కోలాములు ఆ మాటను తెలుగునుంచి అప్పు తెచ్చుకుని ఉంటే చెవ్ అనేవారు. ఆ క యే వాళ్ల సొంత ఆస్తికి పట్టా. రెండు మాటలు అచ్చం ఒకేలా ఉంటే అప్పు కావచ్చునని అనుమానించాలి. నియమం ప్రకారం తేడాగా ఉంటే మాత్రం అవి ఒకే తల్లి బిడ్డలని నమ్మవచ్చు. చుట్టరికాన్ని రుజువు చేసేది పోలిక కాదు, లెక్క తప్పని తేడా.

నాలుగో మెట్టు: చెయ్యి అనే చిక్కుముడి

ఇప్పుడు అన్నిటికంటే ఇంపైన లెక్క చేద్దాం.

తెలుగు చెయ్యి – గోండి కయ్ – కన్నడం కై – తమిళం కై

కోలామీలో కూడా ఈ మాట క తోనే మొదలవుతుంది. ఇక్కడ తమిళం మనకు అడ్డం తిరిగింది. చెవి విషయంలో తెలుగుతో కలిసి చ అన్న తమిళం, చెయ్యి విషయంలో గోండితో కలిసి క అంటున్నది. నియమం చెడిందా?

చెడలేదు. అచ్చు చూడండి. గోండి కయ్, తమిళం కై. కై అంటే కయ్ అన్నట్టే. క తర్వాత అ ఉంది. మన నియమం ప్రకారం అ పక్కన క మారదు. అందుకే తమిళంలో అది మారలేదు. మరి తెలుగులో ఎందుకు మారింది? మాట చివర య్ ఉంది. య్ కూడా నాలుక ముందుకు జరిపి పలికేదే. తెలుగు పూర్వీకుల నోట్లో ఆ య్ తన పక్కనున్న అ ను తనవైపు లాగింది. కయ్ కాస్తా కెయ్ అయ్యింది. ఇప్పుడు క పక్కన ఎ వచ్చింది. ఇగ నియమం పని మొదలుపెట్టింది. కెయ్ చెయ్ అయ్యింది, చెయ్యి అయ్యింది.

వరుస ఇట్లా రాసుకోండి:
మొదట కయ్
తర్వాత కెయ్ (య్ లాగడం వల్ల అ పోయి ఎ వచ్చింది)
తర్వాత చెయ్, చెయ్యి (ఎ పక్కన ఉండడం వల్ల క పోయి చ వచ్చింది)

ఈ వరుస తారుమారు కాకూడదు. కెయ్ కాకముందే క ను చ చేసే అలవాటు ఆగిపోయి ఉంటే మనం ఇవాళ చెయ్యిని కెయ్యి అనేవాళ్లం. అంటే రాత లేని కాలంలో ఏ మార్పు ముందు, ఏ మార్పు వెనుక జరిగిందో కూడా ఈ లెక్క చెప్తుంది.

ఇంకో చమత్కారం ఉంది. తెలుగులో చెయ్యి అంటే అవయవం. "ఈ పని చెయ్యి" అంటే క్రియ. రెండూ ఒకటే మాట, చెయ్యితో చేస్తాం కాబట్టి ఆ పేరు వచ్చింది అని మనలో చాలామంది అనుకుంటారు. వినడానికి ఎంత బాగుందో! కానీ తమిళంలో అవయవం కై, క్రియ చెయ్. గోండిలో అవయవం కయ్, క్రియ కీ. రెండుచోట్లా అవి వేరు వేరు మాటలు. మూలంలో అవయవానికి అ ఉంది, క్రియకు ఎ ఉంది. తెలుగులో రెండు మార్పులు జరిగి, రెండు మాటలూ ఒకే చోటికి వచ్చి కలిశాయి. తెలుగు మాట గుట్టు తెలుగులో దొరకలేదు, గోండి గూడెంలో దొరికింది.

నియమానికి ఎదురు తిరిగే మాటలు

నిజమైన నియమానికి పరీక్ష, దానికి లొంగని మాటలు. తెలుగులో కింద అనే మాట ఉంది కదా. క పక్కన ఇ ఉంది. చింద కావాలి కదా, ఎందుకు కాలేదు? పాత పుస్తకాల్లో ఈ మాటను క్రింద అని రాశారు. క కి, ఇ కి మధ్య ర అడ్డం ఉంది. అడ్డం ఉన్నంతకాలం ఇ, క ను లాగలేకపోయింది. తర్వాత ర జారిపోయి కింద అయ్యేసరికి చ చేసే అలవాటు ఎప్పుడో ఆగిపోయింది. ఎర్రరాయికి కెంపు అనే మాట ఉంది. అది కన్నడం వైపు నుంచి వచ్చిన మాట. కన్నడంలో ఈ మార్పు లేదు కాబట్టి క తోనే వచ్చింది. కిటికీ, కిరాయి వంటివి ఇంకా వెనుక వచ్చిన పరాయి మాటలు. ఇట్లా ఎదురు తిరిగిన మాటకు కారణం దొరికితే నియమం ఇంకా గట్టిపడుతుంది.

అన్ని అవయవాలూ మనకు ఇట్లా లొంగవు. నాలుక తీసుకోండి. తెలుగు నాలుక, కన్నడం నాలిగె ఒక వంశం. గోండిలో మాత్రం వంజేర్ అంటారు. ఏ ధ్వని నియమమూ నాలుకను వంజేర్ చేయలేదు. అది వేరే మాట. కుటుంబంలో ఒకరు పాత ఇల్లు వదిలి కొత్త ఇల్లు కట్టుకున్నట్టు, గోండి ఆ ఒక్క అవయవానికి వేరే పేరు పెట్టుకుంది. అందుకే ఒక్క మాట చూసి చుట్టరికం ఉందనీ, లేదనీ తీర్పు చెప్పకూడదు. చాలా మాటలు వరుసగా పెట్టి, ఎన్నిటిలో అదే జోడీ వస్తుందో చూడాలి.

నక్షత్రం గుర్తు ఉన్న మాట

చెవి, కెవి, కెవ్, కివి, ఖెబ్దా, ఖఫ్ అన్నీ ఒక తల్లి బిడ్డలైతే ఆ తల్లి మాట ఏమిటి? పండితులు దాన్ని *కెవి అని రాస్తారు. ముందు నక్షత్రం గుర్తు పెడతారు. "ఇది ఎవరూ చూసింది కాదు, ఎవరూ విన్నది కాదు, లెక్క కట్టి తేల్చింది" అని దాని అర్థం. చెయ్యికి *కయ్, చేయడానికి *కెయ్ అని రాస్తారు. ఈ నక్షత్రం మాటలు మాట్లాడిన భాషను మూలద్రావిడం అంటారు. దానికి లిపి లేదు, శాసనం లేదు. 2018లో అచ్చయిన ఒక పరిశోధన ఈ కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని అంచనా కట్టింది. అది అంచనాయే. ఏ మార్పు తర్వాత ఏది జరిగిందో ధ్వనులు చెప్తాయి గానీ, ఏ సంవత్సరంలో జరిగిందో చెప్పవు.

*కెవి గోండి మాటలాగే ఉంది కదా అని గోండియే తల్లి అనుకోవద్దు. ఆ ఒక్క మాటలో గోండి పాతదనం నిలుపుకుంది. వేరే మాటల్లో గోండి మారింది. ఇందాకటి సాయానా చూడండి. అక్కడ పాత చ తమిళంలో నిలిచింది, గోండిలో స అయ్యింది. తెలుగు, గోండి, కోలామీ అక్కచెల్లెళ్లు. అమ్మ నగలు తలా ఒకటి దాచుకున్నారు. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం లేవు.

ఈ లెక్కలు చేసినవాళ్లలో మన రాష్ట్రంతో సంబంధం ఉన్నవాళ్లు ఉన్నారు. హైదరాబాదు రాష్ట్రంలో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి 1950లో కోలామీ వ్యాకరణం రాశారు. 1955లో ఎమెనో కోలామీ మీద పెద్ద పుస్తకం వేశారు. 1961లో బరో, ఎమెనో ఇద్దరూ కలిసి ద్రావిడ భాషల మాటలన్నీ వరుసలుగా పేర్చిన నిఘంటువు తెచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) తెలుగును గోండి, కొండ, కువి భాషల పక్కన పెట్టి ఒక సంగతి తేల్చారు. తెలుగు, గోండి ఒకే శాఖ. దాన్ని దక్షిణ మధ్య ద్రావిడం అంటారు. కోలామీ మధ్య ద్రావిడ శాఖ. తమిళం, కన్నడం దక్షిణ శాఖ. అంటే తెలుగుకు తమిళం కంటే గోండియే దగ్గరి చుట్టం. కోలామీ పైకి తెలుగులా ఎక్కువ వినబడుతుంది. కానీ అది చాలావరకు ఇరుగుపొరుగున ఉండి తెచ్చుకున్న అప్పుల వల్ల.

మీరు మాటలు సేకరించేటప్పుడు

సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతలను, అవ్వలను అడిగి ఈ పేర్లు రాసుకురండి. గోండి, కోలామీ వాళ్లే కాదు, గోదావరి ఒడ్డు కోయ పిల్లలు కూడా. అక్కడ సాధారణంగా జరిగే పొరపాట్లు మూడు.

ఒకటి, బహువచనం. కన్ను చూపించి అడిగితే చాలామంది రెండు కళ్ల పేరు చెప్తారు. గోండిలో బహువచనానికి చివర క్ వస్తుంది. పల్ అంటే ఒక పన్ను, పల్క్ అంటే పండ్లు. మీరు పల్క్ అని రాసుకుంటే ఆ క్ మాటలో భాగమని మోసపోతారు. ఒక్కటే చూపించి "ఇది ఒక్కటే అయితే ఏమంటారు?" అని మళ్లీ అడగండి.

రెండు, నా, నీ అనే మాటలు. అవయవం ఎవరిదో ఒకరిది కదా. "నా చెయ్యి", "నీ చెవి" అని కలిపి చెప్తారు. రెండు మూడు అవయవాలు అడిగితే మొదట్లో ప్రతిసారీ వచ్చే ముక్క ఏదో తెలిసిపోతుంది. దాన్ని విడదీయండి.

మూడు, దిద్దడం. అవ్వ కెవి అంటే మీరు చెవి అని దిద్ది రాయకండి. వినబడ్డది వినబడ్డట్టే రాయండి. పక్క గూడెం మాట వేరైతే రెండూ రాయండి, గూడెం పేరు కూడా రాయండి. దిద్దితే మనకు కావలసిన తేడాయే పోతుంది, తేడా పోతే రుజువే పోతుంది.

ఈ వారం ప్రశ్నలు

1. కన్నడంలో కిరు అంటే చిన్న అని అర్థం. ఈ మాట తెలుగులో ఎట్లా ఉండాలి? నియమం ప్రకారం చెప్పండి.
2. కన్నడంలో హొట్టె అంటే ఒక అవయవం. అది తెలుగులో ఏది?
3. లంబాడీలో దాత్, తెలుగులో దంతం ఒకేలా ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది ఆస్తి, ఏది అప్పు? ఎట్లా చెప్పగలరు?

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, ఈ పత్రిక కింద కట్టిన డబ్బాలో వేయండి. సరైన జవాబులు వచ్చే సంచికలో.